14 ప్రాజెక్టుల్లోంచి నాలుగు: విదేశీ మాస్టర్స్‌కు ఆర్కిటెక్చర్ పోర్ట్‌ఫోలియో

ప్రశ్న: విజయవాడలో బీఆర్క్ అయిపోయి రెండేళ్లయింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో చేస్తున్నాను, ఎక్కువగా అపార్ట్‌మెంట్లే. వచ్చే ఏడాదికి యూరప్, అమెరికాలో మాస్టర్స్‌కు అప్లై చేద్దామనుకుంటున్నాను. కాలేజీవి, ఆఫీసువి కలిపి 14 ప్రాజెక్టులున్నాయి. ఏవి పెట్టాలి? స్కెచ్‌లు పెట్టాలా వద్దా? పేజీలు ఎలా సర్దాలి? నాకు రెండర్లు అంత బాగా రావు, అదే టెన్షన్. సీనియర్లు చెప్పగలరు.

సమాధానం:

నాలుగు ప్రాజెక్టులు చాలు. థీసిస్‌తో మొదలుపెట్టండి. తర్వాత ఒక స్టూడియో ప్రాజెక్టు, ఆఫీసు పనిలోంచి ఒక చిన్న ముక్క, చివర్లో మెజర్డ్ డ్రాయింగ్. కోర్సువాళ్లు వేరే లెక్క చెప్పకపోతే మొత్తం 20 నుంచి 25 పేజీలు, ఏ4 అడ్డంగా. స్కెచ్‌లు పెట్టండి, కానీ డిజైన్‌ను మార్చిన స్కెచ్‌లు మాత్రమే. రెండర్ల గురించి బెంగ వద్దు. మీ టైమంతా తినేది వేరే పని: కాలేజీ షీట్ల కోసం గీసిన డ్రాయింగులను ఈ చిన్న పేజీ కోసం మళ్లీ గీయడం. దానికి రెండు నెలలైనా పక్కన పెట్టుకోండి.

నేను యూరప్‌లో మాస్టర్స్ చేసి వచ్చి ఇక్కడ ప్రాక్టీసు చేస్తున్నాను. మా ఆఫీసు నుంచి పైచదువులకు వెళ్లే పిల్లల పోర్ట్‌ఫోలియోలు ఏటా నా టేబుల్ మీదికి వస్తాయి. కింద రాసేదంతా అక్కడ చూసినదే.

ముందు కోర్సు తేల్చుకోండి, తర్వాత ప్రాజెక్టులు. మన ఐదేళ్ల బీఆర్క్ ప్రొఫెషనల్ డిగ్రీ. అందుకని అమెరికాలో మీరు చూడాల్సినవి ఎక్కువగా పోస్ట్ ప్రొఫెషనల్ కోర్సులు. హార్వర్డ్‌లో ఎంఆర్క్ 2, కొలంబియాలో ఎంఎస్ఏఏడీ అలాంటివి. ఎంఆర్క్ 1 ప్రధానంగా ఆర్కిటెక్చర్‌లో ప్రొఫెషనల్ డిగ్రీ లేనివాళ్ల కోసం. ఈ తేడా చూసుకోకుండా అప్లై చేసి, ఏడాది ఎక్కువ చదివి, ఆ ఫీజు కూడా కట్టినవాళ్లు నాకు తెలుసు.

కోర్సును బట్టి మీ 14లోంచి బయటికొచ్చే నాలుగూ మారిపోతాయి. స్టుట్‌గార్ట్‌లో ఐటెక్ అనే కోర్సుంది, కంప్యుటేషనల్ డిజైన్, తయారీ పద్ధతుల మీద. అక్కడికి పంపేటప్పుడు చేత్తో కట్టి, విరిగి, మళ్లీ కట్టిన మోడల్ ఏదైనా ఉంటే అదే ముందు రావాలి. గ్రాస్‌హాపర్ స్క్రీన్‌షాట్ ఒక్కదానితో పని జరగదు. బెల్జియంలో లూవెన్ విశ్వవిద్యాలయంలో కన్జర్వేషన్ మాస్టర్స్ ఉంది. అక్కడికైతే మెజర్డ్ డ్రాయింగ్ చివర్లో కాదు, మొట్టమొదట ఉండాలి. పేజీల పరిమితి, ఫైలు సైజు, ఆఫీసు పని పెట్టొచ్చా లేదా అన్నది ప్రతి కోర్సూ తన పేజీలో రాస్తుంది, ఏడాదికేడాది మారుస్తుంది కూడా. అప్లై చేసే ఏడాది పేజీనే చదవండి, సీనియర్ ఫార్వర్డ్ చేసిన పాత పీడీఎఫ్‌ను నమ్ముకోవద్దు.

ఎంపికకు నేను చెప్పే పద్ధతి ఒకటుంది. ప్రతి ప్రాజెక్టుకూ ఒక్క వాక్యం రాయండి: ఇక్కడ తేల్చాల్సిన చిక్కు ఏమిటి? ఆ వాక్యంలో "200 పడకల ఆసుపత్రి", "బీచ్ రిసార్ట్" అన్న పేరు తప్ప మరేమీ రాకపోతే ఆ ప్రాజెక్టును పక్కన పెట్టేయండి. ఆసుపత్రి, మాల్, కన్వెన్షన్ సెంటర్ మన సిలబస్‌లో అందరూ చేస్తారు. ఏరియా పెద్దదైనంత మాత్రాన డిజైన్ పెద్దదైపోదు. రెండు ప్రాజెక్టుల వాక్యాలు ఒకేలా వస్తే బలమైనదాన్ని ఉంచండి. మిగిలినవాటిలో కొలతలు వేరువేరుగా ఉండేలా చూడండి: ఒకటి వీధి స్థాయిలో ఉంటే ఇంకొకటి గది స్థాయిలో ఉండాలి.

మాటల్లో చెబితే గాలిలో ఉన్నట్టుంటుంది కాబట్టి ఒక ఉదాహరణ పూర్తిగా చెప్తాను. మా ఆఫీసులో చేసిన ఒకమ్మాయి థీసిస్ మంగళగిరి చేనేత కుటుంబాల ఇళ్లు. కాలేజీలో ఏ1 షీట్లు 24 పెట్టింది. వాటిలో లిటరేచర్ స్టడీ, కేస్ స్టడీలు, సన్ పాత్, క్లైమేట్ చార్టులు, ఏరియా స్టేట్‌మెంట్ కలిపి సగం. చివర నాలుగు షీట్ల నిండా రెండర్లు, అన్నీ ఆకాశంలోంచి చూసినట్టు. మొదటి షీట్‌లో "మగ్గం మీద నేత అల్లిక నుంచి ప్రేరణ పొందిన కాన్సెప్ట్" అని ఉంది, కింద చీర అంచు ఫొటో.

ఆ షీట్లలో మూడో వంతు చూశాక ఆమెను ఒకటే అడిగాను: మగ్గం ఉన్న ఇంటికీ లేని ఇంటికీ నీ ప్లాన్‌లో తేడా ఎక్కడుంది? అప్పుడు అసలు విషయం చెప్పింది. మంగళగిరిలో తెల్లవారుజామున పడుగును వీధి పొడవునా సాచి, గంజి పట్టించి, బ్రష్‌తో దువ్వి, ఎండ ఎక్కేలోపు ఆరబెడతారు. అంటే వీధి తిన్నగా లేకపోతే పడుగు సాగదు. రెండోది, అక్కడ ఉండేది గుంట మగ్గం. నేసేవారు నేల మట్టానికి కూర్చుని, కాళ్లు గుంటలో పెట్టి కాలిపలకలు తొక్కుతారు. మూడోది, గట్టి వాన పడితే ఆ గుంటలోకి నీరు ఊరుతుంది, పని ఆగిపోతుంది. ఈ మూడింటికీ ఆమె డిజైన్‌లో జవాబులున్నాయి. కానీ ఒకటి 9వ షీట్ మూలన, ఇంకొకటి సర్వీసెస్ షీట్‌లో పడి ఉన్నాయి.

ఆ 24 షీట్లు చివరికి ఎనిమిది పేజీలయ్యాయి.

మొదటి పేజీ నిండా ఒకటే డ్రాయింగ్: తెల్లవారుజామున వీధికి అడ్డంగా సెక్షన్. మధ్యలో సాచిన పడుగు, రెండు పక్కలా అరుగులు, లోపల మగ్గాల గదులు. కింద నాలుగు వరుసల రాత, మూలన చిన్న లొకేషన్ మ్యాప్. రెండో పేజీలో అదే వీధి మూడు వేళల్లో, ఒకే కోణం నుంచి: పడుగు ఉన్నప్పుడు, మధ్యాహ్నం స్కూటర్లు నిలిపినప్పుడు, సాయంత్రం పిల్లలు ఆడుకునేటప్పుడు. మూడో పేజీలో బటర్ పేపర్ మీద గీసిన మూడు ప్రయత్నాలు. దీని సంగతి కింద చెప్తాను. నాలుగో పేజీ గ్రౌండ్ ఫ్లోర్ ప్లాన్, పేజీ మొత్తం, ప్రతి ఇంట్లో మగ్గం ఎటు తిరిగి ఉందో కనిపించేలా.

ఐదో పేజీ ఆ పోర్ట్‌ఫోలియోకే గుండెకాయ: మగ్గం గదికి 1:20 సెక్షన్. నేల మీద కూర్చుంటే మనిషి కంటి ఎత్తు దాదాపు 75 సెంటీమీటర్లు ఉంటుంది. మన ఇళ్లలో కిటికీ గట్టు మామూలుగా 90 సెంటీమీటర్ల ఎత్తున పెడతాం. అంటే కిటికీ మొత్తం నేసేవారి కంటికి పైనే ఉండిపోతుంది, బట్ట మీద వెలుతురు పడాల్సిన కోణంలో పడదు. ఆమె ఆ గట్టును 45 సెంటీమీటర్లకు దించింది. గదిని వీధి మట్టం నుంచి ఎత్తింది. గుంట చుట్టూ గోడకు, అడుగుకు నీరు ఊరకుండా లైనింగ్ చూపించింది. ఒక మనిషి, ఒక మగ్గం, ఒక కిటికీ, మూడు కొలతలు. చూసేవారికి ఈ డిజైనర్ అక్కడ నేల మీద కూర్చుని చూసిందని అర్థమవడానికి అది చాలు. ఆరో పేజీ మోడల్ ఫొటోలు, ఏడోది పైకప్పు డిటైల్. ఎనిమిదోది మాత్రమే రెండర్ లాంటిది: మగ్గం దగ్గర కూర్చున్నవారి కంటి నుంచి వీధి. దాన్ని కూడా స్కెచప్ నుంచి గీతలుగా తీసి, రెండు రంగులు మాత్రం నింపింది. మీ రెండర్ల టెన్షన్‌కు జవాబు అదే. మెరిసే లూమియన్ రెండర్ మీకు లూమియన్ వచ్చని చెబుతుంది. దాంట్లో ఆకాశం, చెట్లు, కార్లు అందరివీ ఒకే లైబ్రరీలోవి.

రాత కూడా మార్చింది. "అల్లిక నుంచి ప్రేరణ" తీసేసి ఇలా రాసింది: "పడుగు తిన్నగా సాగాలి కాబట్టి ఇళ్లను వీధి వెంట పెట్టాను. నేసేవారు నేల మీద కూర్చుంటారు కాబట్టి కిటికీలు కిందికి దించాను." ఇంగ్లిష్‌లో రాసినప్పుడూ ఇంతే తేటగా రాయండి. ప్రాజెక్టుకు 60, 80 పదాలు దాటనివ్వొద్దు.

ఇప్పుడు మళ్లీ గీయడం గురించి. చాలామంది ఏ1 షీట్‌ను అలాగే చిన్నది చేసి పేజీలో పెట్టేస్తారు. లెక్క చూడండి. ఏ1 మీద 1:100లో గీసిన ప్లాన్‌ను ఏ4కు కుదిస్తే దాదాపు 1:280 అవుతుంది. 2.5 మిల్లీమీటర్ల అక్షరం 0.9 మిల్లీమీటర్‌కు దిగుతుంది, అంటే చదవలేం. హ్యాచ్‌లన్నీ కలిసిపోయి బూడిదరంగు మచ్చలవుతాయి. కోసిన గోడకూ, వెనక కనిపించే గోడకూ తేడా పోతుంది. చూసేవారికి ప్లాన్ బాగుందో లేదో కాదు, ప్లాన్ ఎక్కడుందో కూడా తెలీదు.

అందుకే ప్రతి డ్రాయింగ్‌నూ కొత్త కొలతకు తగ్గట్టు సిద్ధం చేయాలి. డైమెన్షన్లు, గ్రిడ్ బబుల్స్, తలుపు నంబర్లు, టైల్ హ్యాచ్‌లు తీసేయండి. టాయిలెట్‌లో ఫిక్స్చర్లు ఉంచొచ్చు, ప్రతి గదిలో సోఫా బ్లాకులు అక్కర్లేదు. కోసిన గీతలు 0.35 నుంచి 0.5 మిల్లీమీటర్లు, వెనక కనిపించేవి 0.13 నుంచి 0.18. చిన్న ప్లాన్‌లో కోసిన గోడను నల్లగా నింపేయడమే తేలిక. "1:100" అని అంకె రాయకండి, స్క్రీన్ మీద అది నిజం కాదు. దాని బదులు గీత స్కేలు, ఉత్తర దిక్కు గుర్తు పెట్టండి. పని అయిందో లేదో తెలియాలంటే ఏ4 పేజీ ప్రింట్ తీసి గోడకు అంటించి మూడడుగులు వెనక్కి జరగండి. ఎక్కడ గోడ, ఎక్కడ ఖాళీ అన్నది అక్కడి నుంచే తెలియాలి.

పాత డ్రాయింగ్‌ను మార్చడం మోసం కాదా అని కొందరు అడుగుతారు. మీ ప్రాజెక్టును మీరు మెరుగుపరచుకోవడంలో తప్పు లేదు. జ్యూరీలో మెట్ల దగ్గర తప్పు దొరికిందా, ఇప్పుడు సరిచేయండి. ఏ ఏడాది చేసిందో రాసి, తర్వాత సవరించినట్టు ఒక మాట చేర్చితే సరిపోతుంది.

స్కెచ్‌లలో దొంగ స్కెచ్ వెంటనే దొరికిపోతుంది. డిజైన్ అయిపోయాక, ఫైనల్ ప్లాన్ మీద బటర్ పేపర్ పెట్టి దిద్ది, కాస్త వంకరగా గీసి "ప్రాసెస్" అని పెడతారు. అందులో ఒక్క తప్పు దారి కూడా ఉండదు, ఫైనల్ ప్లాన్‌తో గోడ గోడా కలుస్తుంది. చూసేవాళ్లు రోజూ స్టూడియోలో పిల్లలకు చెప్పేవాళ్లు, ఆ మాత్రం పట్టుకుంటారు. నిజం స్కెచ్ అంటే వదిలేసిన దారి ఉన్నది. మంగళగిరి ప్రాజెక్టులో మూడో పేజీ అదే. మొదటి ప్రయత్నంలో ఇళ్లను నడిమి వాకిలి చుట్టూ పెట్టింది, పడుగు మూల దగ్గర మలుపు తిరగాల్సి వచ్చింది, వదిలేసింది. రెండోది తిన్నటి వీధి, కానీ మగ్గాల గదులన్నీ పడమటి ఎండకు ఎదురయ్యాయి. మూడోదాంట్లో వీధి దిక్కు మార్చి, ఇళ్లను ఒకదానికొకటి కాస్త జరిపింది. ఒక్కో స్కెచ్ కింద ఎందుకు వదిలేసిందో ఒక్క వరుస. అంతే.

పాత నోటుపుస్తకాలు పారేసి ఉంటే స్టడీ మోడల్స్ ఫొటోలు, ఫోన్‌లో జ్యూరీ రోజు తీసినవి వెతకండి. ఏవీ లేకపోతే దొంగ స్కెచ్ బదులు, డిజైన్ దశలను శుభ్రమైన డయాగ్రమ్‌గా గీసి డయాగ్రమ్ అనే చెప్పండి. స్కాన్ 300 డీపీఐలో చేయండి. ఫొటోషాప్‌లో లెవెల్స్ సర్దితే కాగితం తెల్లబడుతుంది, పెన్సిల్ గీత మాత్రం పోకూడదు. గుడి గోపురం, నెమలి, హీరో ముఖం లాంటి బొమ్మలు ఎంత బాగా వేసినా ఇక్కడ వద్దు. ప్రయాణాల్లో గీసినవి పెట్టాలంటే కొలతలు, గమనికలు ఉన్నవి ఒక్క పేజీ.

ఆఫీసు పనికి వస్తే, అపార్ట్‌మెంట్ టవర్ మొత్తం పెట్టకండి, అందులో మీ చెయ్యి ఎక్కడుందో తెలీదు. మీరు గీసి, సైట్‌లో కట్టిన ఒక్క ముక్క తీసుకోండి: ఒక మెట్టు, ఒక జాలీ గోడ, ఒక బాల్కనీ రెయిలింగ్. ఎడమవైపు 1:10 డిటైల్, కుడివైపు సైట్ ఫొటో, రెండూ ఒకే కోణంలో. సైట్‌లో మేస్త్రీ మార్చమన్నది ఏదైనా ఉంటే అది డ్రాయింగ్ మీదే రంగు గీతతో చూపండి, రెండేళ్ల ఉద్యోగానికి అంతకు మించిన రుజువు ఉండదు. రెండు పేజీలు చాలు. యజమాని దగ్గర అనుమతి ముందే అడగండి, అదీ ఈమెయిల్‌లో. ఆఫీసు పేరు, ప్రాజెక్టు దశ, మీరు చేసిన పని స్పష్టంగా రాయండి.

మెజర్డ్ డ్రాయింగ్ దగ్గరా ఇదే సమస్య, ఎందుకంటే అది క్లాసంతా కలిసి చేసేది. ఆర్కిటెక్చర్ విద్యార్థుల సంఘం నాసా పెట్టే పోటీకి పంపిన డాక్యుమెంటేషన్ అయితే మరీను. "ఎనిమిది మంది బృందం, రెండు సెక్షన్లు, పైకప్పు డ్రాయింగు నావి" అని రాసి, మీవి మాత్రమే పెద్దగా పెట్టండి. కోనసీమలో మండువా లోగిలి కొలిచారనుకోండి. నాలుగు వైపుల నుంచి వాన నీరు మండువాలోకి దిగి, అక్కడి నుంచి బయటికి ఎలా పోతుందో చూపే ఒక్క సెక్షన్, తలుపు చెక్కడాలు గీసిన పది షీట్ల కంటే ఎక్కువ చెబుతుంది.

పేజీల సర్దుబాటులో మీరు మొదట తేల్చుకోవాల్సింది చూసేవారి తెర. అప్‌లోడ్ చేసేది పీడీఎఫ్, చూసేది ల్యాప్‌టాప్‌లో. అందుకే ఏ4 అడ్డం, ఒక్కో పేజీ విడిగా. పుస్తకంలా రెండు పేజీలను కలిపి డిజైన్ చేసి, మధ్యలోంచి పెద్ద సెక్షన్ సాగదీసి, చివరికి సింగిల్ పేజీలుగా ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ సెక్షన్ రెండు ముక్కలవుతుంది. ఇది ఏటా ఎవరో ఒకరి ఫైలులో కనిపిస్తుంది. ప్రింట్ పుస్తకం అడిగే కోర్సుకు పంపుతుంటే అప్పుడు రెండు పేజీల లెక్క వేసుకోండి.

ఇన్‌డిజైన్‌లో ఆరు కాలమ్‌ల గ్రిడ్ ఒకటి పెట్టుకుని, చివరిదాకా దాన్నే వాడండి. ఫాంట్ ఒకటి. పేజీకి ఒక పెద్ద డ్రాయింగ్, దానికి తోడుగా చిన్నవి రెండో మూడో. ఒకే సైజులో ఆరు బొమ్మలు పేర్చితే కన్ను ఎక్కడా ఆగదు. నల్ల బ్యాక్‌గ్రౌండ్ వద్దు, సన్నగీతలు మునిగిపోతాయి. సాఫ్ట్‌వేర్ నైపుణ్యాలకు చుక్కలు, బార్లు గీసే పేజీ తీసేయండి. ఆ పేజీతో ఎవరికీ సీటు రాలేదు, సీవీ ఎలాగూ విడిగా అడుగుతారు.

ఇక ఫైలు. ఆటోక్యాడ్ నుంచి వచ్చిన సైట్ ప్లాన్‌లో చెట్ల బ్లాకులు, గడ్డి హ్యాచ్ వేల గీతలుంటాయి. పీడీఎఫ్‌లో ఆ పేజీ తెరవగానే గీతలు ఒక్కొక్కటే ప్రత్యక్షమవుతుంటే మీ ఫైలుకు ఆ జబ్బు ఉన్నట్టే. అలాంటి డ్రాయింగ్ ఒక్కదాన్నే 300 పీపీఐ బొమ్మగా మార్చి పెట్టండి, మిగతావి వెక్టర్‌గానే ఉండనివ్వండి. సైజు తగ్గించాలంటే ఫొటోలను మాత్రమే, పేజీలో ఉండే సైజుకు, ఫొటోషాప్‌లో 150 పీపీఐకి దించి పెట్టండి. ఇన్‌డిజైన్ ఎక్స్‌పోర్ట్‌లో దించితే ఆ డ్రాయింగ్ బొమ్మ కూడా దిగిపోతుంది. గడువు రోజు రాత్రి ఏదో వెబ్‌సైట్‌లో కుదిస్తే ఫొటోలతో పాటు డ్రాయింగులు కూడా మసకబారతాయి. అక్రోబాట్‌లో Enhance thin lines అనే సెట్టింగ్ ఉంటుంది, అది సన్నగీతలను లావు చేసి చూపిస్తుంది. మీ దగ్గర బాగున్న సెక్షన్ ఇంకొకరి దగ్గర మొద్దుగా కనిపిస్తే కారణం అదే కావచ్చు. 0.05 లాంటి గీతలు వాడకపోతే ఈ తేడా పెద్దగా బాధించదు. ఫైనల్ ఫైలును మీది కాని ల్యాప్‌టాప్‌లో, ఒకసారి ఫోన్‌లో, ఒకసారి బ్రౌజర్‌లో తెరిచి చూసుకోండి.

మీ థీసిస్ దేని మీదో చెప్పలేదు. 14 ప్రాజెక్టులకూ ఆ ఒక్కో వాక్యం రాసి ఇక్కడే పెట్టండి, ఏ నాలుగు ఉంచాలో చూసి చెప్తాను. అమెరికా గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరిల్లో వస్తాయి, కాబట్టి ఆ జాబితా ఈ వారంలో పెడితే మంచిది.